అమ్మానాన్నలతో అరకు

కొన్నేళ్ల కిందట అమ్మానాన్నలను విశాఖ నుంచి అరకు ఒక్కరోజులో తిప్పుకొచ్చాం. తెల్లవారుజామున అయిదింటికి వ్యాన్ ఎక్కి, బొర్రా గుహలు, మ్యూజియం, కాఫీ తోటలు అన్నీ చూసి రాత్రి పదకొండింటికి గది చేరాం. అమ్మ మంచం మీద కూర్చోగానే పాదాలు చూసి భయమేసింది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. పొద్దుటి నుంచీ రెండు గుక్కలకు మించి నీళ్లు తాగలేదట. అదేంటమ్మా అంటే, "తాగితే దిగాలి కదే. ఆ ఘాట్ రోడ్డు మీద ఎక్కడ దిగను? నా ఒక్కదాని కోసం అందరూ ఆగాలా?" అంది.

పెద్దవాళ్లతో ప్రయాణం ఎక్కడ చెడుతుందో నాకు ఆ రాత్రి తెలిసింది. వాళ్లు నోరు తెరిచి అడగరు. బాత్రూమ్ గురించి బెంగపెట్టుకుని నీళ్లు మానేస్తారు. నీళ్లు తగ్గితే కళ్లు తిరుగుతాయి, మలబద్ధకం వస్తుంది, మూత్రంలో మంట మొదలవుతుంది. గంటల తరబడి కాళ్లు కిందికి వేలాడేసి కూర్చుంటే పిక్కల కండరాలు కదలవు. కింద చేరిన రక్తాన్ని పైకి నెట్టేవి ఆ కండరాలే. అవి పనిచేయకపోతే నీరు పాదాల్లో నిలుస్తుంది. రెండు కాళ్లూ సమానంగా వాస్తే పడుకుని కాళ్లెత్తి పెట్టుకుంటే చాలావరకు దిగుతుంది. ఒక్క కాలే వాచి పిక్కలో నొప్పి, వేడి ఉంటే మాత్రం రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అప్పుడు ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మొన్నటి చలికాలంలో మళ్లీ వెళ్లాం. అమ్మకిప్పుడు 74 ఏళ్లు, రెండు మోకాళ్లూ అరిగాయి. నాన్నకు 79. బీపీ, షుగరు ఉన్నాయి, నడక నెమ్మది. అన్నయ్య, వదిన, నేను, మావారు, ఇద్దరు పిల్లలు కలిసి మొత్తం ఎనిమిది మందిమి. ఈసారి చూడాల్సిన చోట్ల జాబితాను పక్కనపెట్టి, ఎక్కడెక్కడ ఆగాలో ముందు రాసుకున్నాం.

బయల్దేరడానికి పది రోజుల ముందు ఇంటి దగ్గరే ఒక పరీక్ష పెట్టాను. అమ్మ ఆగకుండా ఎంతసేపు నడవగలదు, ఎన్ని మెట్లు ఎక్కగలదు? గుడి దాకా వెళ్లి రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది, మధ్యలో ఒకసారి కూర్చుంది. మేడ మెట్లు పద్దెనిమిది ఎక్కాక మోకాలు పట్టేసింది. కొత్త చోట, ఎగుడుదిగుడు నేల మీద అందులో సగమే లెక్కలోకి తీసుకోవాలి. అంటే పది నిమిషాల నడక, తొమ్మిది మెట్లు. ఆ తర్వాత ఎక్కడికి వెళ్లాలన్నా ఈ రెండు అంకెలతోనే సరిచూశాం.

టికెట్ల దగ్గర ఒక కిటుకు ఉంది. రైల్లో అరవై దాటిన మగవాళ్లకు, నలభై అయిదు దాటిన ఆడవాళ్లకు కింది బెర్తుల కోటా ఉంటుంది. కాకపోతే ఒక టికెట్ మీద ఒకరో ఇద్దరో ఉంటేనే అది వర్తిస్తుంది. ఎనిమిది మందిని కలిపి రెండు టికెట్లుగా తీస్తే ఆ కోటా దక్కదు. అందుకే అమ్మానాన్నలకు వేరే టికెట్ తీసి, మిగతావాళ్లం విడిగా తీసుకున్నాం.

హైదరాబాద్‌లో సాయంత్రం గోదావరి ఎక్కితే తెల్లారేసరికి విశాఖ. కానీ హోటళ్లలో గది ఇచ్చేది సాధారణంగా మధ్యాహ్నానికి. ఆరింటికి దిగిన పెద్దవాళ్లను హోటల్ వరండాలో ఆరు గంటలు కూర్చోబెడితే ఆ రోజే కాదు, మర్నాడు కూడా పోయినట్టే. అందుకని ముందు రాత్రి నుంచే ఒక గదికి డబ్బు కట్టాం. ఈ యాత్రలో అంతకన్నా సద్వినియోగమైన ఖర్చు లేదు. అమ్మానాన్న దిగగానే స్నానం చేసి, ఇడ్లీ తిని, పదకొండు దాకా నిద్రపోయారు. మిగతావాళ్లం సామాను అదే గదిలో పడేసి బీచ్ చూసొచ్చాం.

గది మాట్లాడేటప్పుడు "పెద్దవాళ్లున్నారు, సౌకర్యంగా ఉంటుందా" అని అడిగితే అందరూ ఉంటుందనే అంటారు. అందుకే నేను ఫొటోలు అడిగాను. గుమ్మం ముందు ఎన్ని మెట్లు, కమోడ్ పక్కన పట్టుకోవడానికి కడ్డీ ఉందా, స్నానాల గది నేల గరుకా నునుపా, గడప ఎంత ఎత్తు? చక్రాల కుర్చీ వాడే ఇంట్లో బాత్రూమ్ తలుపు వెడల్పు కూడా కొలిపించాలి. మామూలు కుర్చీ వెడల్పు రెండడుగులకు కాస్త పైన ఉంటుంది. తలుపు రెండున్నర అడుగులైనా లేకపోతే చేతులు గీరుకుంటాయి. ర్యాంప్ ఉందంటే దాని ఏటవాలు చూడండి. ఒక అడుగు ఎత్తు ఎక్కడానికి పన్నెండు అడుగుల పొడవుండాలి. ఆరంగుళాల మెట్టుకు రెండడుగుల చెక్క వేసి ర్యాంప్ అన్నారంటే, దాని మీద కుర్చీ తోయడం ఇద్దరికీ ప్రమాదమే.

మొదటి రోజు సాయంత్రం బీచ్ రోడ్డు ఒక్కటే పెట్టుకున్నాం. కురుసుర జలాంతర్గామిలోకి పిల్లలు వెళ్లారు. లోపల ఒక గది నుంచి ఇంకో గదిలోకి వంగి, కాలెత్తి దూరాల్సిన గుండ్రటి తలుపులుంటాయి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు అది కుదరదు. అమ్మానాన్న రోడ్డు పక్కన గట్టు మీద కూర్చుని సముద్రం చూస్తూ ముంత మసాలా తిన్నారు.

రెండో రోజు అరకు. రైలా, కారా అని ఇంట్లో పెద్ద చర్చే నడిచింది. కారైతే కావాల్సిన చోట ఆపుకోవచ్చు. కానీ శృంగవరపుకోట దాటాక ఘాట్ మలుపుల్లో వాంతులు, ఆగినా శుభ్రమైన మరుగుదొడ్డి దొరకకపోవడం పాత అనుభవం. కిరండూల్ రైల్లో నాలుగు గంటలు పడుతుంది. దానికి 2017లో పెట్టిన అద్దాల విస్టాడోమ్ పెట్టెలో కూర్చున్నచోటి నుంచే లోయలు, సొరంగాలు కనిపిస్తాయి. లేచి తిరగొచ్చు. అన్నింటికన్నా ముఖ్యం, మరుగుదొడ్డి నాలుగడుగుల్లో ఉంటుంది. అందుకే వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు కారు. డ్రైవరు పొద్దున్నే ఖాళీ కారుతో బయల్దేరి అరకు స్టేషన్ బయట మాకోసం ఎదురుచూశాడు. చాలామంది బొర్రా గుహల స్టేషన్లో దిగిపోతారు. అక్కడ రైలు ఆగేది కొద్దిసేపే. సామానుతో, గుంపులో పెద్దవాళ్లను హడావిడిగా దించడం నాకు ఇష్టంలేక నేరుగా అరకు దాకా వెళ్లాం.

ఆ రైలు ఏడు కాకముందే బయల్దేరుతుంది. నాన్న మాత్రల్లో ఒకటి ఒంట్లో నీరు తీసేది. వేసుకున్నాక రెండు మూడు గంటలు మాటిమాటికీ వెళ్లాల్సి వస్తుంది. ముందే డాక్టరుగారిని అడిగితే, ప్రయాణం రోజుల్లో దాన్ని మధ్యాహ్నానికి మార్చుకోవచ్చన్నారు. ఇది ఎవరి డాక్టరును వాళ్లు అడిగి చేయాల్సిన పని, సొంతంగా మానేసేది కాదు. ఘాట్‌లో వాంతుల మాత్రల సంగతీ అంతే. వాటిలో కొన్ని పెద్దవాళ్లకు మగతగా, తూలినట్టుగా చేస్తాయి. ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్లకు మూత్రం బిగబట్టేస్తాయి. షుగరు మాత్ర వేసుకుని టిఫిన్ ఆలస్యమైతే ఇంకో ప్రమాదం. నాన్నకు చెమట పట్టి, చేయి వణికి, మాట చిరాగ్గా మారిందంటే చక్కెర పడిపోతోందని మాకు గుర్తు. వదిన సంచిలో గ్లూకోజు పొట్లం, బిస్కెట్లు పైనే ఉంచింది.

అరకులో రెండు రాత్రులున్నాం. మొదటి రోజు భోజనం చేసి పడుకోవడమే. మర్నాడు పొద్దున గిరిజన మ్యూజియం, దగ్గర్లోనే కాఫీ మ్యూజియం. మట్టి గోడల ఇళ్లు, థింసా ఆడుతున్న బొమ్మలు చూస్తూ నాన్న తన చిన్నప్పటి ఊరి వడ్ల గాదె గురించి పిల్లలకు చెబుతూ కూర్చున్నారు. అక్కడే గంటన్నర గడిచింది. చాపరాయికి పోదామని పిల్లలన్నారు. నీళ్లు పారే ఆ బండలు నాచుతో జారతాయి. మావారు పిల్లలను తీసుకెళ్లారు, మేం ఎండలో కుర్చీలు వేసుకున్నాం. డిసెంబరులో అక్కడి చలి మామూలుగా ఉండదు. రాత్రి బాత్రూమ్‌కు లేచేటప్పుడు పెద్దవాళ్లు వెంటనే నిలబడితే కళ్లు బైర్లు కమ్మి పడిపోతారు. మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుని లేవమని చెప్పి, దారిలో చిన్న దీపం వెలిగించి ఉంచాం.

నాలుగో రోజు కారులో దిగుతూ బొర్రా. అమ్మకు అదే పెద్ద ఆశ. పోయినసారి లోపలి దాకా దిగి, పైకి రాలేక ఏడ్చినంత పని చేసింది. గేటు దాటాక దారంతా దిగుడే. దిగడం సులువనుకుంటాం. నిజానికి అరిగిన మోకాలి మీద ఎక్కేటప్పటి కన్నా దిగేటప్పుడే భారం ఎక్కువ పడుతుంది. పైగా దిగిన ప్రతి మెట్టూ తిరిగి ఎక్కాలి. లోపల పైనుంచి నీళ్లు చుక్కలుగా పడి నేల తడిగా ఉంటుంది. శివలింగం దగ్గరికి నిటారు మెట్లు. అన్నయ్య గట్టిగా వద్దన్నాడు.

"గుహలోకి వద్దులేరా. దాని నోరు కనబడే దాకా పోనివ్వు" అంది అమ్మ.

ఫిజియోథెరపిస్టు నేర్పిన పద్ధతిలోనే దింపాం. దిగేటప్పుడు ముందు నొప్పి కాలు కింది మెట్టు మీద పెట్టాలి, తర్వాత మంచి కాలు. ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు. ఒక చేయి కడ్డీ మీద, ఇంకో చేతిలో కర్ర. సాయపడే మనిషి దిగేటప్పుడు ఒక మెట్టు కింద, ఎక్కేటప్పుడు ఒక మెట్టు వెనక ఉండాలి. చేయి పట్టి లాగకూడదు. ప్రతి అయిదు మెట్లకూ ఆగాం. వెనకవాళ్లు తోసుకోకుండా అన్నయ్య అడ్డం నిలబడ్డాడు. గుహ ముఖద్వారం కనిపించాక పక్కగా అరగంట కూర్చుంది. లోపలి రంగుల వెలుతురు, పైకప్పు ఎత్తు అక్కడి నుంచే తెలుస్తున్నాయి. మేం రెండు జట్లుగా వెళ్లొచ్చాం. ఎవరో ఒకరు ఎప్పుడూ ఆమె పక్కనే ఉన్నారు. నాన్న పైన టీ కొట్టు దగ్గరే ఉండిపోయారు, అది ఆయన ఎంచుకున్నదే.

ఘాట్ దిగేటప్పుడు కారు గంటన్నరకు ఒకసారి ఆపి, పది నిమిషాలు నడిపించాం. ముందు సీటు అమ్మది. మరుగుదొడ్డి ఎక్కడ బాగుందో డ్రైవరుకు ముందే చెప్పి, అక్కడ అవసరం లేకపోయినా అందరం దిగాం. అందరూ దిగితే, తన ఒక్కదాని కోసం ఆగారన్న మాట అమ్మకు రాదు. ఆ రోజు రెండు లీటర్ల సీసా ఆమెదే ఖాళీ అయింది.

చివరి రోజు సింహాచలం. కొండపైకి బస్సు, కారు పోతాయి కాబట్టి మెట్లదారి తప్పుతుంది. చందనోత్సవం జరిగే అక్షయ తృతీయ రోజుల్లో అయితే ఈ వయసువాళ్లను తీసుకెళ్లను. ఎండెక్కితే రాతి నేల కాలిపోతుంది. షుగరుతో పాదాల స్పర్శ తగ్గినవాళ్లకు బొబ్బ లేచినా తెలియదు. అందుకే ఎండ రాకముందే దర్శనం ముగించుకుని, గదికి రాగానే నాన్న అరికాళ్లు, వేళ్ల సందులు శుభ్రంగా తుడిచి చూశాను. ఏమీ లేదు. అమ్మ పాదాలు కూడా నొక్కి చూశాను, గుంట పడలేదు.

"ఈసారి పాదాల గుంటలు కనబడలేదేం, అరకు చూశామా లేదా?" అని నాన్న అడిగితే, "చూశాం, కూర్చుని చూశాం" అంది అమ్మ. సాయంత్రం రైలుకు ఇంకా నాలుగు గంటలుంది. ఇద్దరూ కాళ్లు దిండు మీద ఎత్తి పెట్టుకుని పడుకున్నారు.