మాటల్లేని మొదటి పాఠం

1985లో నింటెండో విడుదల చేసిన ‘సూపర్ మారియో బ్రదర్స్’ మొదటి లెవెల్లో ‘ఇలా ఎగరండి’ అన్న సూచన ఎక్కడా కనిపించదు. నేర్పే పనంతా నేల, ఇటుకలు, గొట్టాలదే.

ఆట మొదలయ్యేసరికి మారియో తెరకు ఎడమవైపు, కుడికి తిరిగి నిలబడి ఉంటాడు. ముందంతా ఖాళీ. ఎటు వెళ్లాలో వేరే చెప్పక్కర్లేదు. నాలుగడుగులు వేయగానే గూంబా అనే శత్రువు ఎదురొస్తుంది. తగిలితే ప్రాణం పోతుంది, కానీ ఆట మళ్లీ మొదలయ్యేది కొన్ని అడుగుల వెనకే. రెండోసారి ఎవరైనా ఎగిరి చూస్తారు.

అసలు చమత్కారం ఆ తర్వాత. ప్రశ్నార్థకం ఉన్న పెట్టెను తలతో కొడితే పుట్టగొడుగు బయటికొచ్చి కుడికి జారి, గొట్టానికి తగిలి వెనక్కి వస్తుంది. గూంబాను చూసి బెదిరిన ఆటగాడు దీన్నీ తప్పించుకోబోతాడు. పైన ఇటుకల వరుస అడ్డు. ఎగిరినా తల తగిలి కిందికే వస్తాడు. పుట్టగొడుగు తాకుతుంది, మారియో పెద్దవాడవుతాడు. భయపడాల్సినవి, అందుకోవాల్సినవి వేరని అప్పుడు అర్థమవుతుంది. రూపకర్త షిగేరు మియామోతో ఈ అమరికను ఇంటర్వ్యూల్లో వివరించారు.

తర్వాత మూడు గొట్టాలు, ఒకదాన్ని మించిన ఎత్తులో ఇంకొకటి. మూడోది దాటాలంటే బటన్ నొక్కిపట్టక తప్పదు.

చివర్లో ఎదురెదురుగా మెట్ల జంటలు రెండు. మొదటి జంట మధ్య గట్టి నేల, రెండో జంట మధ్య అంతే వెడల్పున గొయ్యి. మొదటిచోట తడబడినా ప్రాణం పోదు, రెండోచోట పోతుంది.