వాటా దాటిన బంగారం అమ్మగలమా?

తులం లక్ష దాటాక బంగారం గురించి అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: ఇంకా పెరుగుతుందా? దీనికి ఎవరి దగ్గరా నమ్మదగ్గ జవాబు లేదు. పొదుపు చేసుకునే కుటుంబానికి అంతకంటే పనికొచ్చే ప్రశ్న ఇంకొకటుంది. ఉన్న మొత్తంలో బంగారం ఎంత ఉండాలి? దీనికి ధర ఎటు పోతుందో తెలియకపోయినా జవాబు దొరుకుతుంది.

ముందుగా ఒంటిమీది నగలను ఈ లెక్కలోంచి తీసేయాలి. తరుగు, మజూరీ కొన్నరోజే పోయిన డబ్బు. పైగా అమ్మమ్మ ఇచ్చిన కాసులపేరును వాటా పెరిగిందని ఎవరూ అమ్మరు. కూతురి పెళ్లికని కొని దాచిన బంగారమూ అంతే, అది రాబోయే ఖర్చుకు ముందే చేసిన ఏర్పాటు. ఇక్కడ లెక్కలోకి వచ్చేది అవసరమైనప్పుడు అమ్మడానికి మనసు అడ్డుపడని బంగారం మాత్రమే: గోల్డ్ ఈటీఎఫ్, గోల్డ్ ఫండ్, బాండ్లు, బిస్కెట్.

బంగారం భద్రమైనదని మనవాళ్ల నమ్మకం. ధర విషయంలో అది నిజం కాదు. 2012 చివర పది గ్రాములు 31 వేల అటూ ఇటూ ఉంది. 2018 చివరా దాదాపు అక్కడే ఉంది. ఆ ఆరేళ్లలో బ్యాంకు డిపాజిట్ ఒకటిన్నర రెట్లయింది. బంగారం వడ్డీ ఇవ్వదు, డివిడెండ్ ఇవ్వదు. ఒడుదొడుకుల్లో షేర్లకు మరీ అంత వెనకబడీ లేదు. మరి దాన్ని ఉంచుకోవడం ఎందుకంటే, షేర్లు పడే రోజున అదీ పడాలన్న నియమం లేదు కాబట్టి. రెండూ వేర్వేరు కారణాలతో కదులుతాయి. మనకు కావాల్సిన లాభం ఆ తేడాలో ఉంది.

2008లో ఏమైందో చూద్దాం. ఆ ఏడాది మొదట్లో ఒక కుటుంబం దగ్గర 10 లక్షలున్నాయి అనుకుందాం: షేర్లలో 6 లక్షలు, డిపాజిట్లలో 2.5, బంగారంలో 1.5. ఏడాది తిరిగేసరికి సెన్సెక్స్ 20,287 నుంచి 9,647కి పడింది. 6 లక్షలు 2.85 అయ్యాయి. డిపాజిట్ వడ్డీతో 2.7 అయింది. బంగారం రూపాయల్లో పాతిక శాతం పైనే పెరిగి 1.9 అయింది. మొత్తం 7.45 లక్షలు. బంగారం అసలు లేకుండా ఆ 1.5 లక్షలూ డిపాజిట్‌లోనే ఉంటే సుమారు 7.17 మిగిలేది. ఆదా అయింది 28 వేలు, అంతే.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ ఏడాది డాలర్లలో బంగారం పెరిగింది నాలుగైదు శాతమే. మిగతాదంతా రూపాయి పతనం. 39 రూపాయల చిల్లర ఉన్న డాలరు 48 దాటింది. సంక్షోభం వచ్చినప్పుడు విదేశీ పెట్టుబడి మన మార్కెట్ వదిలి పోతుంది, షేర్లూ రూపాయీ కలిసే పడతాయి. దిగుమతి చేసుకునే బంగారం ధర అదే దెబ్బతో పైకి లేస్తుంది. అమెరికాలోని మదుపరికి దక్కని ఈ రక్షణ మనకు అదనంగా దక్కుతోంది. మన పొదుపులో బంగారానికి కాస్త చోటుండాలని నేను గట్టిగా అనుకోవడానికి కారణం ఇదే.

అయితే 2008 కథలో అసలు లాభం 2009లో వచ్చింది. ఆ కుటుంబం 2008 చివర పాత నిష్పత్తికి తిరిగి వచ్చిందనుకోండి. 7.45లో అరవై శాతం షేర్లలో ఉండాలంటే 4.47 లక్షలు కావాలి, ఉన్నది 2.85. కాబట్టి 78 వేల బంగారం అమ్మి, డిపాజిట్లలోంచి 84 వేలు తీసి, పడిపోయిన షేర్లు కొనాలి. దీన్నే రీబ్యాలెన్సింగ్ అంటారు. 2009లో సెన్సెక్స్ 81 శాతం లేచింది. ఆ ఏడాది చివరికి నిష్పత్తి సరిచేసిన కుటుంబం దగ్గర సుమారు 11.4 లక్షలు, ఏదీ కదపని కుటుంబం దగ్గర 10.3 లక్షలు. పన్నులు, ఖర్చులు లెక్కలో కలపలేదు, అయినా తేడా లక్ష పైమాటే. 28 వేలు కాపాడిన బంగారం, సమయానికి అమ్మితే దాని మూడింతలకు మించిన తేడాలో తన వంతు పని చేసింది.

ప్రతి ఏడాదీ ఇలా జరగదు. ఏదైనా ఒకటి ఏళ్ల తరబడి ఒకే దిక్కున పెరుగుతుంటే, దాన్ని మధ్యలో కోసుకున్నవాడు నష్టపోతాడు. రీబ్యాలెన్సింగ్ లాభం తెచ్చే యంత్రమని చెప్పేవాళ్లను నమ్మొద్దు. అది మనం ముందు ఎంచుకున్న రిస్క్‌ను మనకు తెలియకుండా పెరిగిపోనివ్వదు. దాని ప్రధానమైన పని అదే.

మరి వాటా ఎంత? చిన్న లెక్కతో చూడొచ్చు. పొదుపులో 40 శాతం డిపాజిట్లలో కదలకుండా ఉంది. మిగతా 60 శాతం షేర్లలో ఉంది. షేర్ల ఊగిసలాట ఏడాదికి 20 శాతం, బంగారానిది 15, రెంటికీ సంబంధం లేదనుకుందాం. బంగారం లేకపోతే మొత్తం పొదుపు ఊగిసలాట 12 శాతం. షేర్లలోంచి పది శాతం బంగారానికి మారిస్తే అది 10కి తగ్గుతుంది. ఇరవై మారిస్తే 8.5. ముప్పై మారిస్తే 7.5. నలభై మారిస్తే 7.2 మాత్రమే. యాభైకి వెళ్తే తగ్గకపోగా మళ్లీ పెరుగుతుంది, ఎందుకంటే అప్పుడు మోస్తున్నది బంగారం రిస్కే. అంటే మొదటి పది, ఇరవై శాతంతోనే ఎక్కువ మేలు దక్కుతుంది. ఆ తర్వాత వేసే ప్రతి రూపాయికీ తగ్గే కుదుపు కొంచెం, వదులుకునే ఎదుగుదల ఎక్కువ. అందుకే 10 నుంచి 15 శాతం మామూలు కుటుంబానికి సరిపోతుందని నా అభిప్రాయం.

వాటా ఎంచుకోవడం సులువే. దాన్ని నిలబెట్టుకోవడమే కష్టం. 2023 మొదట్లో పది గ్రాములు 55 వేలు. 2025 చివరికి 1.3 లక్షలు. పైన చెప్పిన 10 లక్షల పొదుపునే 2023 జనవరిలో మొదలుపెట్టి వదిలేసి ఉంటే, 2025 చివరికి షేర్లు 8.6, డిపాజిట్లు 3.05, బంగారం 3.5 లక్షలు అయ్యేవి. బంగారం వాటా 15 నుంచి 23 శాతానికి చేరింది, ఎవరూ కొత్తగా గ్రాము కొనకుండానే. ఇప్పుడు దాన్ని 15కి దించాలంటే లక్షా పాతిక వేల దాకా అమ్మాలి. వీధిలో అందరూ కొంటుంటే అమ్మడానికి చేయి రాదు. అందుకే నియమం ముందే కాగితం మీద రాసుకోవాలి: ఏడాదికోసారి చూస్తాను, 20 దాటితే అమ్ముతాను, 10కి తగ్గితే కొంటాను. ఆ మధ్య ఉంటే ముట్టుకోను. ఈ గీతల మధ్య దూరం లేకపోతే ప్రతి చిన్న కదలికకూ పన్ను, కమీషన్ కట్టుకుంటూ కూర్చోవాలి.

పన్ను ఇలా ఉంటుంది. గోల్డ్ ఈటీఎఫ్ అయితే ఏడాది దాటాక, చేతిలోని బంగారమైతే రెండేళ్లు దాటాక, లాభం మీద 12.5 శాతం. పై ఉదాహరణలో లక్షా పాతిక వేలలో లాభం సుమారు 71 వేలు, పన్ను దగ్గర దగ్గర 9 వేలు. అదీ వద్దనుకుంటే ఇంకో దారి ఉంది. కొత్తగా దాచే డబ్బును కొంతకాలం బంగారం వైపు పోనివ్వకుండా షేర్లకు, డిపాజిట్లకు మళ్లించడం. ధరలు ఉన్నచోటే ఉంటే, నెలకు 20 వేలు దాచే ఇంట్లో బంగారం వాటా ఏడాదిలో 20కి దిగుతుంది. 15కి రావాలంటే మాత్రం మూడేళ్లకు పైగా పడుతుంది. నెలసరి పొదుపు పెద్దదైన యువ ఉద్యోగికి ఈ దారి చాలు. రిటైరై కొత్త పొదుపు లేని వారికి అమ్మడం ఒక్కటే దారి.