ఇన్వర్టరుపై డెస్క్‌టాప్ కంప్యూటరు వాడకం

ఇన్వర్టరు అనగా బ్యాటరీలో నిల్వయున్న ఏకముఖ విద్యుత్తును ఇంటి పరికరాలకు పనికివచ్చే ఏకాంతర విద్యుత్తుగా మార్చే సాధనం. ఫ్యాన్లు, దీపాల కోసం అమర్చుకున్న ఇన్వర్టరుకే చాలా ఇళ్ళలో డెస్క్‌టాప్ కంప్యూటరును కూడా కలుపుతారు. ఇది కొన్నిచోట్ల ఏళ్ళ తరబడి నిరాటంకంగా పనిచేస్తుంది. మరికొన్నిచోట్ల కరెంటు పోయిన ప్రతిసారీ, లేదా తిరిగి వచ్చిన ప్రతిసారీ కంప్యూటరు రీస్టార్టు అవుతుంది. ఈ తేడాకు కారణం ఇన్వర్టరు ఒక్కటే కాదు. ఇన్వర్టరు ఇచ్చే తరంగ రూపం, కంప్యూటరులోని పవర్ సప్లై నిర్మాణం, కరెంటు మారే క్షణంలోని విరామం - ఈ మూడూ కలిసి ఫలితాన్ని నిర్ణయిస్తాయి.

== తరంగ రూపాలు ==

భారతదేశంలో ఇళ్ళకు సరఫరా అయ్యే విద్యుత్తు 230 వోల్టులు, సెకనుకు 50 ఆవృత్తులు. ఇది సైన్ తరంగ రూపంలో ఉంటుంది. 230 అనేది తరంగపు ప్రభావక విలువ మాత్రమే, అనగా అంతే ఉష్ణాన్ని పుట్టించగల ఏకముఖ వోల్టేజికి సమానమైన విలువ. తరంగ శిఖరం వద్ద వోల్టేజి దీనికి 1.414 రెట్లు, అంటే సుమారు 325 వోల్టులు ఉంటుంది. కంప్యూటరు విషయంలో ఈ శిఖర విలువే ముఖ్యం.

శుద్ధ సైన్ ఇన్వర్టరు ఇదే రూపాన్ని దాదాపు యథాతథంగా ఇస్తుంది. చతురస్ర తరంగ ఇన్వర్టరులో వోల్టేజి ఒక్కసారిగా +230కు లేచి, అక్కడే నిలిచి, ఒక్కసారిగా -230కు దిగుతుంది. ఇక్కడ శిఖర విలువ, ప్రభావక విలువ రెండూ ఒకటే. సవరించిన సైన్ తరంగంలో ధన, ఋణ భాగాల నడుమ కొంతసేపు వోల్టేజి సున్నా వద్ద ఆగుతుంది. ప్రతి అర్ధావృత్తిలో సగం కాలం 325 వోల్టులు, సగం కాలం సున్నా ఉండేట్లు చేస్తే శిఖర విలువ, ప్రభావక విలువ రెండూ సైన్ తరంగంతో సరిపోతాయి. బజారులో "స్క్వేర్ వేవ్" అని పిలిచే ఇన్వర్టర్లలో అనేకం నిజానికి ఈ రకానివే.

సాధారణ మల్టీమీటరుతో ఈ తరంగాలను కొలిస్తే పొరపాటు పడే అవకాశముంది. చవక మీటర్లు సగటు విలువను కొలిచి, అది సైన్ తరంగమే అనుకొని 1.11తో గుణించి చూపుతాయి. అందువలన పైన చెప్పిన సవరించిన సైన్ తరంగం నిజానికి 230 వోల్టులే అయినా మీటరులో సుమారు 180 అని కనిపిస్తుంది. అదే 230 వోల్టుల చతురస్ర తరంగమైతే 255 అని కనిపిస్తుంది. దీనిని చూసి ఇన్వర్టరు చెడిపోయిందని భావించరాదు.

== పవర్ సప్లై లోపల ==

కంప్యూటరు పెట్టె వెనుక భాగంలోని పవర్ సప్లైని వాడుకలో ఎస్.ఎమ్.పి.ఎస్. అంటారు. ఇది లోపలికి వచ్చిన ఏకాంతర విద్యుత్తును ముందుగా నాలుగు డయోడుల వంతెన ద్వారా ఏకముఖంగా మార్చి, పెద్ద కెపాసిటరులో నింపుతుంది. ఆ నిల్వనుండి విద్యుత్తును అతి వేగంగా ముక్కలు చేసి, చిన్న ట్రాన్స్‌ఫార్మరు ద్వారా 12, 5, 3.3 వోల్టులుగా మారుస్తుంది.

ఇంటిపైనున్న నీళ్ళ ట్యాంకుతో దీనిని పోల్చవచ్చు. మోటారు నీటిని ఎలా తోడినా, ట్యాంకులో మట్టం తగినంత ఉన్నంతవరకు కుళాయిలో నీరు ఒకే తీరుగా వస్తుంది. అదే విధంగా, పాత తరహా పవర్ సప్లై తనకు వచ్చే తరంగం గుండ్రంగా ఉందా, పలకలుగా ఉందా అని పట్టించుకోదు. కెపాసిటరు ఎంత వోల్టేజి వరకు నిండింది అన్నదే దానికి ముఖ్యం. అది శిఖర విలువ వరకు నిండుతుంది. సైన్ తరంగంపై 325 వోల్టుల వరకు, 230 వోల్టుల చతురస్ర తరంగంపై 230 వరకు మాత్రమే నిండుతుంది.

ఏటిఎక్స్ రూపకల్పన మార్గదర్శిక ప్రకారం 230 వోల్టుల శ్రేణిలో పవర్ సప్లై కనీసం 180 వోల్టుల సైన్ సరఫరాపై పనిచేయాలి. అప్పుడు కెపాసిటరులో సుమారు 254 వోల్టులు ఉంటాయి. చతురస్ర తరంగం ఇచ్చే 230 వోల్టులు ఈ కనీస మట్టం కంటే తక్కువ. భారం తక్కువగా ఉంటే చాలా పవర్ సప్లైలు దీనితోనూ నెట్టుకువస్తాయి, కానీ వాటివద్ద మిగులు నిల్వ దాదాపు ఉండదు.

సవరించిన సైన్ తరంగంలోనూ ఒక చిక్కు ఉంది. సాధారణ ఇన్వర్టర్లలో శిఖర వోల్టేజి బ్యాటరీ వోల్టేజితో పాటే తగ్గుతుంది. బ్యాటరీ 12.6 నుండి 10.5 వోల్టులకు దిగితే 325 కాస్తా సుమారు 270 అవుతుంది. ఇన్వర్టరు సున్నా విరామాన్ని కుదించి ప్రభావక విలువను 230 వద్దనే నిలుపుతుంది కనుక ఫ్యాను తేడా లేకుండా తిరుగుతూనే ఉంటుంది. కానీ కంప్యూటరు నిల్వ మాత్రం తరిగిపోతుంది.

== మారే క్షణం: ఒక ఉదాహరణ ==

కరెంటు పోయిన తరువాత ఇన్వర్టరులోని రిలే బ్యాటరీ వైపు మారడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ఆ విరామంలో కంప్యూటరు కెపాసిటరులోని నిల్వపైనే నడవాలి. ఆ నిల్వను E = ½C(V₁² − V₂²) అనే సూత్రంతో లెక్కించవచ్చు. ఇందులో V₁ మొదట ఉన్న వోల్టేజి, V₂ పవర్ సప్లై పనిచేయడం ఆపివేసే వోల్టేజి.

ఒక పాత తరహా పవర్ సప్లైలో 470 మైక్రోఫారడుల కెపాసిటర్లు రెండు శ్రేణిలో ఉన్నాయనుకుందాం. అప్పుడు మొత్తం 235 మైక్రోఫారడులు. అది గోడ ప్లగ్గు నుండి 125 వాట్లు తీసుకుంటుందని, 200 వోల్టుల వద్ద ఆగిపోతుందని అనుకుందాం.

* కరెంటు 230 వోల్టులు ఉండగా పోతే: నిల్వ సుమారు 7.7 జౌళ్ళు. కంప్యూటరు దాదాపు 62 మిల్లీసెకన్లు తట్టుకుంటుంది.
* సాయంత్రం లో-వోల్టేజీలో, 180 వోల్టులు ఉండగా పోతే: నిల్వ 2.9 జౌళ్ళు. సుమారు 23 మిల్లీసెకన్లు.
* చతురస్ర తరంగంపై నడుస్తుండగా కరెంటు తిరిగి వస్తే: నిల్వ 1.5 జౌళ్ళు. సుమారు 12 మిల్లీసెకన్లు మాత్రమే.

మొదటి రెండు సందర్భాలలో కెపాసిటరు శిఖరాల మధ్య కొంత ఖాళీ అవుతుంటుంది కాబట్టి, వాస్తవంలో మరో 8 మిల్లీసెకన్ల వరకు తగ్గవచ్చు.

ఈ లెక్కతో రెండు వింత అనుభవాలకు వివరణ దొరుకుతుంది. ఒకే ఇన్వర్టరుపై పగలు చక్కగా పనిచేసే కంప్యూటరు సాయంత్రం రీస్టార్టు అవడానికి కారణం లో-వోల్టేజి. కరెంటు పోయినప్పుడు కాక, వచ్చినప్పుడు రీస్టార్టు అవడానికి కారణం చతురస్ర తరంగంపై నిల్వ తక్కువగా ఉండటం.

చాలా ఇన్వర్టర్ల వెనుక రెండు స్థానాల మీట ఒకటి ఉంటుంది. కంపెనీని బట్టి విలువలు మారినా, సాధారణంగా "నార్మల్" స్థానంలో ఇన్వర్టరు సుమారు 100 వోల్టుల వరకు లో-వోల్టేజీని లోనికి అనుమతిస్తుంది, మారడానికి 40 మిల్లీసెకన్ల వరకు తీసుకోవచ్చు. "యూపీఎస్" స్థానంలో 180 వోల్టుల దగ్గరే బ్యాటరీకి మారుతుంది, అదికూడా 10 మిల్లీసెకన్ల ప్రాంతంలో. అనగా ఈ మీట విరామాన్ని తగ్గించడమే కాక, కెపాసిటరులో నిల్వ ఉండగానే మార్పు జరిగేట్లు చూస్తుంది. పై ఉదాహరణలోని కంప్యూటరు నార్మల్ స్థానంలో సాయంత్రం ఆగిపోతుంది, యూపీఎస్ స్థానంలో నిలుస్తుంది. కొత్త ఇన్వర్టరు కొనే ముందు ఈ మీటను పరిశీలించడం మంచిది.

== యాక్టివ్ పీఎఫ్‌సీ పవర్ సప్లైలు ==

పాత పవర్ సప్లై శిఖరం వద్ద మాత్రమే కరెంటును గుంజుతుంది. దీనిని సరిదిద్దడానికి కొత్త పవర్ సప్లైలలో కెపాసిటరుకు ముందు యాక్టివ్ పీఎఫ్‌సీ అనే మరొక దశను చేర్చారు. ఇది వచ్చే వోల్టేజిని సుమారు 380 - 400 వోల్టులకు పెంచి కెపాసిటరును నింపుతుంది. అందువలన లో-వోల్టేజీలో కూడా నిల్వ తగ్గదు. పైన చెప్పిన సాయంత్రపు చిక్కు వీటికి అంతగా లేదు.

అయితే ఇవి తరంగ రూపాన్ని పట్టించుకుంటాయి. ఇందులోని నియంత్రణ వలయం వోల్టేజి ఆకారాన్ని అనుసరిస్తూ కరెంటును తీసుకుంటుంది. ఆకారం నిట్టనిలువుగా లేచి పడుతుంటే అది సరిగా అనుసరించలేదు. పైగా ప్రవేశం వద్దనున్న ఫిల్టరు కెపాసిటర్లు ప్రతి అంచు వద్ద పెద్ద కరెంటు పోటును గుంజుతాయి. ఆ పోటును ఇన్వర్టరు అధిక భారంగా భావించి ఆగిపోవచ్చు. పవర్ సప్లై గీపెట్టినట్లు శబ్దం చేయడం, మామూలు కంటే వేడెక్కడం, ఆట ఆడేటప్పుడు లేదా వీడియో తయారుచేసేటప్పుడు మాత్రమే ఆగిపోవడం దీని గుర్తులు. అన్నీ ఇలా చేస్తాయని కాదు. కొన్ని సవరించిన తరంగంపై కూడా నడుస్తాయి. కానీ తయారీదారు స్పష్టంగా అనుమతిస్తే తప్ప వీటిని శుద్ధ సైన్ ఇన్వర్టరుపైనే వాడటం క్షేమం.

పవర్ సప్లై ఏ రకమో పెట్టె విప్పకుండానే చాలావరకు తెలుసుకోవచ్చు. వెనుక 115/230 అని రాసిన ఎర్రని మీట ఉంటే అది పాత తరహాది. మీట లేకుండా 100-240V అని ముద్రించి ఉన్నా, 80 ప్లస్ గుర్తు ఉన్నా అది దాదాపుగా యాక్టివ్ పీఎఫ్‌సీ కలది. పవర్ సప్లైని మాత్రం విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా కెపాసిటరులో ప్రాణాపాయం కలిగించే వోల్టేజి మిగిలి ఉండవచ్చు.

== సామర్థ్యం, కలపకూడనివి ==

ఇన్వర్టరు సామర్థ్యాన్ని వోల్ట్-ఆంపియర్లలో చెబుతారు. పాత తరహా పవర్ సప్లై సైన్ తరంగంపై 125 వాట్లు వాడినా, దాని పవర్ ఫ్యాక్టరు 0.6 - 0.65 మాత్రమే కావడంతో ఇన్వర్టరుపై సుమారు 200 వోల్ట్-ఆంపియర్ల భారం పడుతుంది. మానిటరు, ఫ్యాన్లు, దీపాల భారాన్ని దీనికి కలిపి లెక్క చూసుకోవాలి.

చతురస్ర లేదా సవరించిన తరంగ ఇన్వర్టరుకు, కంప్యూటరుకు నడుమ చిన్న యూపీఎస్‌ను పెట్టడం తరచుగా జరిగే పొరపాటు. అటువంటి యూపీఎస్ ఆ తరంగాన్ని చెడు కరెంటుగా భావించి తన బ్యాటరీకి మారుతుంది. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా, చిన్న బ్యాటరీ అయిపోగానే కంప్యూటరు ఆగిపోతుంది. ఇన్వర్టరు శుద్ధ సైన్ రకమైతే ఈ అమరిక సాధారణంగా పనిచేస్తుంది. అప్పుడు ఇన్వర్టరు మారే విరామాన్ని చిన్న యూపీఎస్ పూరిస్తుంది.