చిట్టా, ఆవర్జా ఫోనులోనే: చిన్న వ్యాపారానికి నెల లాభం తేల్చుకోవడం

మన పెద్దల కాలంలో అంగడి లెక్కకు రెండు పుస్తకాలు ఉండేవి. ఏ రోజు జరిగినది ఆ రోజు వరుసగా రాసేది చిట్టా. ఆ పద్దులను విడదీసి ఒక్కొక్క పేరు కింద చేర్చేది ఆవర్జా. గూగుల్ షీట్స్ గాని ఎక్సెల్ గాని తెరిచి నెల లెక్క చూసుకోవాలనుకునేవారికి ఇదే సరిపోతుంది. ఒక షీటు చిట్టా, ఇంకొకటి ఆవర్జా. చిట్టా మనం రాస్తాం, ఆవర్జాను ఫార్ములా రాస్తుంది.

ఉదాహరణకు పాండూరులో ఒక ఇల్లు ఉందనుకుందాం. అత్తాకోడళ్లిద్దరూ మురుకులు, చెక్కలు చేసి తిరువళ్లూరు నుంచి తిరుత్తణి దాకా దారిపొడవునా ఉన్న అంగళ్లకు వేస్తారు. ఇల్లూ అంకెలూ మేము ఊహించినవే, చిక్కులు మాత్రం ఇలాంటి వ్యాపారం చేసే ఏ ఇంట్లోనైనా ఉండేవే. అది ఆడికృత్తిక నెల. తిరుత్తణికి కావడి జనం వచ్చే రోజులని ముందుగానే నూనె డబ్బాలు, ఉద్దిపప్పు ఎక్కువగా కొని పెట్టారు. నెలంతా పొయ్యి ఆరలేదు. తీరా నెలాఖరున డబ్బాలో డబ్బు లెక్కపెడితే నెల మొదట్లో 15,000 ఉన్నది 10,500 అయింది. ఇంత కష్టపడితే నష్టమా అని ఇద్దరికీ దిగులు. నిజానికి ఆ నెల వాళ్లకు 20,500 లాభం వచ్చింది. అది ఎలాగో చూద్దాం.

మొదటి షీటుకు Chitta అని పేరు పెట్టండి. ఐదు నిలువు గడులు చాలు: A లో తేది, B లో రకం, C లో వివరం, D లో మొత్తం, E లో రొక్కమా అప్పా అన్నది. ఫోనులో వచ్చిన డబ్బును కూడా రొక్కం కిందే రాసుకోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యమైనది రకం. ఆరు మాటలే వాడండి: అమ్మకం, సరుకు, ఖర్చు, వసూలు, యంత్రం, ఇంటికి. పిండి, పప్పు, నూనె సరుకు. గ్యాసు, కరెంటు, కవర్లు, ఆటో బాడుగ ఖర్చు. పాత బాకీ చేతికొస్తే వసూలు, దాన్ని మళ్లీ అమ్మకం అని రాయకూడదు. సరుకు ఇచ్చిన రోజునే, డబ్బు రాకపోయినా, అమ్మకం అయిపోయింది. ఇంటి బియ్యానికో బిడ్డ ఫీజుకో తీసిన డబ్బు ‘ఇంటికి’. అది వ్యాపారం ఖర్చు కాదు.

రెండో షీటుకు Nela అని పేరు. మొదటి వరుసలో A నుంచి G వరకు నెల, అమ్మకం, సరుకు, ఖర్చు, తొలి నిల్వ, తుది నిల్వ, లాభం అని రాయండి. A2 లో ఆ నెల ఒకటో తేది వేయండి. B2 లో ఈ ఫార్ములా:

```
=SUMIFS(Chitta!$D:$D, Chitta!$B:$B, B$1, Chitta!$A:$A, ">="&$A2, Chitta!$A:$A, "<"&EDATE($A2,1))
```

చిట్టాలో B గడిలో ఈ తలకట్టు మాటే ఉండి, తేది ఈ నెలలో పడే వరుసల మొత్తాలన్నీ కూడమని దీని అర్థం. దీన్ని C2, D2 లకు లాగితే సరుకు, ఖర్చు వాటంతటవే వస్తాయి. కిందికి లాగితే వచ్చే నెలలు. తొలి నిల్వ, తుది నిల్వ మాత్రం ఫార్ములా చెప్పలేదు. నెలాఖరు రాత్రి గదిలోకి వెళ్లి, మిగిలిన నూనె, పప్పు, పిండి కొన్న ధరకు లెక్కగట్టి F లో రాయాలి. ఆ తుది నిల్వే మరుసటి నెలకు తొలి నిల్వ, కాబట్టి E3 లో =F2 అని పెడితే చాలు. చివరికి G2 లో:

```
=B2-(E2+C2-F2)-D2
```

ఇప్పుడు మన ఇంటి లెక్క. అమ్మకం 72,000. అందులో 58,000 రొక్కం, 14,000 అంగళ్ల దగ్గర అప్పు. సరుకు కొన్నది 46,000, అంతా రొక్కానికే. కాని నెల మొదట్లో 4,000 సరుకు ఉంది, చివర 12,000 మిగిలింది. అంటే పొయ్యి మీదికి పోయినది 4,000, 46,000 కలిపి అందులో 12,000 తీసేస్తే 38,000 మాత్రమే. ఖర్చు 13,500. 72,000 లో ఈ రెండూ పోగా 20,500.

మరి డబ్బాలో 4,500 ఎందుకు తగ్గింది? కొత్తగా 14,000 అప్పు ఇచ్చి పాత బాకీ 6,000 మాత్రమే వసూలు చేశారు, అక్కడ 8,000 నిలిచింది. గదిలో సరుకు రూపంలో ఇంకో 8,000 పెరిగింది. ఇంటికి 9,000 తీశారు. మొత్తం 25,000. వచ్చిన లాభం కన్నా ఇది 4,500 ఎక్కువ. తగ్గిన డబ్బు సరిగ్గా అంతే. ఇలా ప్రతి నెలా డబ్బాలోని డబ్బును లెక్కతో సరిచూడండి. తేడా వస్తే చిట్టాలో ఏదో రాయడం తప్పిందన్నమాట. ఎక్కువసార్లు అది ‘ఇంటికి’ పద్దే అయి ఉంటుంది.

యంత్రం సంగతి వేరు. వచ్చే నెల 18,000 పెట్టి గ్రైండరు కొన్నారనుకుందాం. మొత్తం ఆ ఒక్క నెల ఖర్చులో వేస్తే ఆ నెల పాడైనట్టు, తర్వాతి నెలలన్నీ బాగున్నట్టు కనిపిస్తాయి. రెండూ అబద్ధమే. ఐదేళ్లు పనిచేస్తుందనుకుంటే 60 నెలలకు నెలకు 300. కొన్న రోజు 18,000 ను ‘యంత్రం’ అని రాసి, ప్రతి నెలాఖరున 300 ను ‘ఖర్చు’ అని, E లో ‘తరుగు’ అని రాయండి. ఆ 300 చేతినుంచి పోయిన డబ్బు కాదు, డబ్బా సరిచూసేటప్పుడు వదిలేయాలి.

20,500 లాభంలో అత్తాకోడళ్ల కూలి లేదన్నది గుర్తుంచుకోవాలి. ఇద్దరూ 25 రోజుల చొప్పున పనిచేస్తే 50 పనిదినాలు, రోజుకు మనిషికి 410. అదే పనికి బయటి మనిషిని పెడితే ఎంత ఇవ్వాలో దానితో పోల్చితేనే వ్యాపారం సంగతి తెలుస్తుంది. మా మాటగా చెప్పాలంటే, పెద్ద ఆర్డరు ఒప్పుకునే ముందు చూడవలసిన అంకె ఇదే.

ఫార్ములా సరిగా ఉన్నా మొత్తం తక్కువ వస్తే చిట్టాలో గడుల అమరిక చూడండి. అంకెలు, తేదీలు మామూలుగా కుడివైపుకు ఒదిగి ఉంటాయి. ఎడమవైపుకు ఒదిగితే షీటు దాన్ని ఉత్త మాటగా తీసుకుందని అర్థం, కూడదు. మొత్తం గడిలో ‘రూ.500’ అని రాస్తే ఇలా అవుతుంది, 500 అని మాత్రమే రాయాలి. తేదీల్లో ఇంకో ప్రమాదం ఉంది. షీటు అమెరికా పద్ధతిలో ఉంటే జులై 5 అని మనం వేసిన 05/07 ను మే 7 గా చదువుకుంటుంది. అది కుడివైపే ఉంటుంది కాబట్టి కంటికి కనబడదు. గూగుల్ షీట్స్‌లో File, Settings లోకి వెళ్లి Locale ను India గా ముందే మార్చుకోండి. ‘అమ్మకం’ ను ఒకసారి ‘అమ్మకాలు’ అని రాసినా ఆ వరుస లెక్కలోకి రాదు. అందుకే కంప్యూటర్లో ఒక్కసారి Data, Data validation లో ఆ ఆరు మాటల జాబితా పెట్టుకుంటే, తర్వాత ఫోనులో ఎంచుకుంటే చాలు.

ఇక ఒక నెలను ముందు నెలతో పోల్చకండి. తిరుత్తణి దారిలోని అంగళ్లకు ఆడికృత్తిక ఒక నెలలో, డిసెంబరు 31 మెట్ల పండుగ ఇంకో నెలలో గిరాకీ తెస్తాయి. పోల్చవలసింది పోయినేటి అదే నెలతో. అందుకే ఏడాది తిరగ్గానే పాత వరుసలు చెరిపేయకుండా, అదే చిట్టాలో కిందికి రాసుకుంటూ పోండి.