చిన్న గెలుపులా, పెద్ద గెలుపా?

బ్రిటన్‌లో ఆన్‌లైన్ స్లాట్ ఆడేవారికి ఆట వివరాల్లో ఆర్‌టీపీ అనే శాతం కనబడుతుంది. అది 96 అయితే, లక్షలాది స్పిన్‌ల మీద పందెం కాసిన ప్రతి 100 పౌండ్లలో సగటున 96 వెనక్కి వస్తాయని అర్థం. ఆ 96 ఎలా వస్తాయో చెప్పేది వోలటాలిటీ.

రెండు ఊహాజనిత ఆటలు తీసుకుందాం. స్పిన్‌కు ఒక పౌండు. మొదటిది సగటున నాలుగు స్పిన్‌లకోసారి 3.84 పౌండ్లు ఇస్తుంది. రెండోది వెయ్యికోసారి 960 ఇస్తుంది. రెండింటి ఆర్‌టీపీ 96 శాతమే. కానీ వంద స్పిన్‌లు ఆడితే మొదటిదాంట్లో చేతిలో మిగిలేది చాలాసార్లు 96 చుట్టుపక్కలే ఉంటుంది. రెండోదాంట్లో పదిమందిలో తొమ్మిదిమందికి పైసా రాదు, వందకు వందా పోతాయి. వెయ్యి స్పిన్‌లు ఆడినా దాదాపు మూడోవంతు మందికి ఆ 960 కనబడదు. ‘ఇన్నిసార్లు పోయింది, ఇక వస్తుంది’ అనుకోవడం దండగ; ప్రతి స్పిన్ విడిదే.

తక్కువ వోలటాలిటీలోనూ ఒక మాయ ఉంది. పౌండు పెడితే ఇరవై పెన్నీలు వచ్చినా తెర దాన్ని గెలుపుగా చూపేది. అలాంటి నష్టానికి సంబరం చేయడాన్ని అక్కడి గ్యాంబ్లింగ్ కమిషన్ 2021లో నిషేధించింది. నన్నడిగితే, ఎంచుకునేది డబ్బు ఎంత వేగంగా కరగాలన్నదే. మన దగ్గరైతే తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి.