ఐసుకు ఉప్పు తగిలితే

చక్కెర కలిపిన చిక్కటి పాలను డబ్బాలో పోసి, చుట్టూ ఐసు ముక్కలు దట్టంగా కూరి, పొద్దుగూకేదాకా తిప్పినా ఐస్‌క్రీమ్ తయారు కాదు. పాలు చల్లబడతాయి, అంతే. కరుగుతున్న ఐసు సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉండిపోతుంది. చక్కెర కలిసిన పాలు గడ్డకట్టడం మొదలుపెట్టాలంటేనే సున్నాకు రెండు మూడు డిగ్రీలు దిగువకు పోవాలి. గరిటెతో తీసి గిన్నెలో పెట్టుకునేంత ముద్ద కావాలంటే మైనస్ 5, మైనస్ 6 దాకా దిగాలి. సున్నా దగ్గర ఉన్న ఐసు పక్కనున్న పాలను అంత దూరం దించలేదు. ఆ లోటు తీర్చేది కల్లుప్పు.

ఈ పద్ధతి పాతదే. లోహపు డబ్బాను ఉప్పు కలిపిన ఐసులో పెట్టి చేత్తో అటూ ఇటూ తిప్పుతూ, మధ్యమధ్య మూత తీసి గోకుతూ ఐస్‌క్రీమ్ చేసేవాళ్ళు. 1843లో అమెరికాకు చెందిన నాన్సీ జాన్సన్ ఆ డబ్బాకు తిరిగే పిడినీ, లోపల రెక్కలనూ అమర్చి పేటెంట్ తీసుకుంది. యంత్రం మారింది గానీ ఐసు, ఉప్పు అలాగే ఉన్నాయి. హైదరాబాద్ మొజంజాహీ మార్కెట్ దుకాణాలకు సీతాఫలం ఐస్‌క్రీమ్‌తో పేరు తెచ్చిందీ ఈ చేతి తిప్పుడే. కుల్ఫీ బండి మీది కుండలోనూ ఉండేది ఈ మిశ్రమమే. కాకపోతే అక్కడ తిప్పడం ఉండదు, అందుకే కుల్ఫీ అంత గట్టిగా ఉంటుంది.

ఇందులో ఒక తిరకాసు ఉంది. ఉప్పు చల్లని వస్తువు కాదు. వేసవిలో బస్తాలోంచి తీసి వేసే ఉప్పు 35 డిగ్రీల వేడి మీద ఉంటుంది. పైగా అది ఐసును త్వరగా కరిగిస్తుంది. ఉప్పు నీళ్ళలో కరిగేటప్పుడు కొంచెం వేడిని పీల్చుకునే మాట నిజమే, కానీ ఆ లెక్కన మామూలు నీళ్ళు రెండు మూడు డిగ్రీలు చల్లబడితే ఎక్కువ. తొట్టిలోని అసలు చలికి కారణం ఐసు కరగడమే.

ఐసు ముక్క మీద ఎప్పుడూ ఒక పల్చటి నీటి పొర ఉంటుంది. సున్నా డిగ్రీల దగ్గర ఐసు నుంచి కొన్ని నీటి అణువులు విడిపోయి ఆ పొరలోకి వస్తుంటాయి, పొరలోంచి అన్నే తిరిగి ఐసుకు అతుక్కుంటుంటాయి. రాకా పోకా సమానం కాబట్టి ఐసు తరగదు, పెరగదు. ఉప్పు ఆ పొరలో కరిగితే సోడియం, క్లోరైడ్ రేణువులు నీటి అణువుల మధ్య చోటు ఆక్రమిస్తాయి. ఐసుకు తిరిగి అతుక్కునే అణువులు తగ్గుతాయి, విడిపోయేవి మాత్రం మునుపటి జోరులోనే విడిపోతుంటాయి. దాంతో ఐసు కరిగిపోతుంటుంది.

కరగడానికి వేడి కావాలి. ఒక్కో అణువును ఐసు కట్టు నుంచి ఊడదీయడానికి శక్తి ఖర్చవుతుంది; ఒక కిలో ఐసు పూర్తిగా కరగడానికి సుమారు 334 కిలోజౌళ్ళు పడుతుంది. అదే వేడితో కిలో నీళ్ళను సున్నా నుంచి దాదాపు 80 డిగ్రీలకు చేర్చవచ్చు. తొట్టిలో పొయ్యి లేదు. చెక్క గోడలు బయటి వేడిని అంత త్వరగా రానివ్వవు. కాబట్టి కరిగే ఐసు తనకు కావలసిన వేడిని పక్కనున్న ఐసు నుంచి, ఉప్పునీటి నుంచి, డబ్బా లోపలి పాల నుంచే లాక్కుంటుంది.

కిలో ఐసు, 300 గ్రాముల ఉప్పు కలిపితే మొత్తం మిశ్రమాన్ని మైనస్ 20కి దించడానికి సుమారు 150 గ్రాముల ఐసు కరిగితే చాలు. అంటే ఏడో వంతు ఐసు కరిగి, మిగిలిన ఆరు వంతులను చల్లబరుస్తుంది.

మరి ఇంకా ఉప్పు పోస్తే ఇంకా దిగుతుందా? దిగదు. ఉప్పునీటిలో ఉప్పు పాలు బరువులో 23 శాతానికి చేరినప్పుడు మైనస్ 21 డిగ్రీల దగ్గర అడుగు తగులుతుంది. అంతకు దిగువన ఉప్పు, నీరు రెండూ కలిసి గడ్డకట్టేస్తాయి. ఎక్కువైన ఉప్పు తొట్టి అడుగున ఊరికే పడి ఉంటుంది. అమెరికా, కెనడాల్లో ఉండే తెలుగువాళ్ళు చలికాలంలో ఇంటి ముందు దారి మీద చల్లేదీ ఇలాంటి ఉప్పే. అక్కడ నేల, గాలి వేడిని అందిస్తాయి కాబట్టి మంచు కరిగి దారి తెరుచుకుంటుంది. చలి మరీ ముదిరితే ఆ ఉప్పు పనిచేయడం మందగిస్తుంది, కారణం ఈ హద్దే.

ఐస్‌క్రీమ్ చేసేవాళ్ళకు మైనస్ 21 అక్కర్లేదు, అది చెరుపే చేస్తుంది. అంత చలికి డబ్బా గోడకు పాలు ఒక్కసారిగా పెచ్చులా కరుచుకుంటాయి. నడుమ ఉన్నవి పల్చగానే ఉంటాయి, రెక్కలు కదలవు, పిడి బిగుసుకుంటుంది. ఉప్పు తక్కువైతే ఎంత తిప్పినా పాలు గట్టిపడవు. ఈలోగా పెరిగే మంచు పలుకులు పెద్దవై, తినేటప్పుడు నాలుకకు ఇసుకలా తగులుతాయి. ఈ రెంటికీ మధ్య, కొలతకు ఎనిమిది గిన్నెల ఐసుకు ఒక గిన్నె ఉప్పు వేస్తే మిశ్రమం మైనస్ 10 చుట్టుపక్కల ఉంటుంది. గోడ మీద సన్నని పొర కట్టడం, రెక్క దాన్ని గీకి లోపలికి తోయడం ఒకదాని వెంట ఒకటి జరిగిపోతాయి. నున్నదనం ఆ గీకుడు వల్లే వస్తుంది.

కల్లుప్పే ఎందుకంటే, మెత్తటి ఉప్పు కరిగిన నీటితో పాటు త్వరగా అడుగుకు జారిపోతుంది. గళ్ళు ఐసు ముక్కల మధ్య ఇరుక్కుని నెమ్మదిగా కరుగుతాయి. అందుకే ఐసు ఒక పొర, ఉప్పు ఒక పొరగా వేస్తారు. కొత్తగా చేసేవాళ్ళు తొట్టిలో చేరిన నీటిని చూసి ఐసు వృథా అయిందనుకుని పారబోస్తారు. నిజానికి డబ్బాను అన్ని వైపులా తాకి వేడిని గుంజేది ఆ ఉప్పునీరే. ముక్కలు అక్కడక్కడే తాకుతాయి. నీటి మట్టం మాత్రం మూత అంచు దాటకూడదు. అందుకోసమే తొట్టికి పై భాగంలో చిన్న బెజ్జం పెడతారు. అది మూసుకుపోతే ఉప్పునీరు డబ్బాలోకి దూరి మొత్తం బుట్టదాఖలే.

ఐసు ఎంత పడుతుందో కూడా ముందే అంచనా వేయవచ్చు. కిలోన్నర పాల మిశ్రమాన్ని ఫ్రిజ్‌లో 5 డిగ్రీలకు చల్లార్చి పెట్టుకుంటే, దాన్ని మైనస్ 5కు తెచ్చి అందులోని నీటిలో సగం గడ్డకట్టించడానికి సుమారు 600 గ్రాముల ఐసు కరగాలి. అదే మిశ్రమాన్ని 35 డిగ్రీల వేడితో పోస్తే మరో 450 గ్రాములు అదనం. తొట్టి గోడల్లోంచి చొరబడే వేడికీ, తిప్పేటప్పటి రాపిడికీ కలుపుకుని నాలుగైదు కిలోల ఐసు సిద్ధంగా ఉంచుకోవడం మేలు.

పిడి బరువెక్కి, తిప్పే చేతికి బాగా అడ్డం తగిలితే లోపల పని అయినట్టే. అప్పుడు రెక్కలు తీసి, మూత బిగించి, తొట్టిలోని ఉప్పునీరు వంపేసి, ఈసారి ఉప్పు పాలు ఇంకాస్త పెంచి కొత్త ఐసు కూరుతారు. ఇక గీకే పని లేదు కాబట్టి ఎంత చల్లగా ఉంటే అంత మంచిది. పైన తడి గోనెసంచి కప్పి ఒక గంట వదిలేస్తే ముద్దగా ఉన్న ఐస్‌క్రీమ్ గట్టిపడుతుంది.