వార్తల్లో పదం: విస్తృత పని ప్రదేశం

ఆఫీసు గోడల దగ్గరే కంపెనీ బాధ్యత ఆగిపోదు. మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి తెచ్చిన 2013 చట్టం ప్రకారం, ఉద్యోగరీత్యా వెళ్లిన ఏ చోటైనా పని ప్రదేశమే. ఆ ప్రయాణానికి యాజమాన్యం పెట్టిన బస్సు కూడా అంతే.

హైదరాబాద్ కంపెనీ ఒకటి తన సిబ్బందిని అరకు రిసార్టుకు తీసుకెళ్లిందనుకుందాం. రాత్రి విందులో మేనేజరు ఒక ఉద్యోగినితో అసభ్యంగా ప్రవర్తిస్తే, డ్యూటీ అయిపోయిందన్న వాదన నిలవదు. రమ్మన్నదెవరు, ఖర్చు పెట్టిందెవరు అన్నవే అసలు ప్రశ్నలు. వేధించింది క్లయింటు మనిషైనా ఆమెకు భద్రత కల్పించాల్సింది యాజమాన్యమే. సహోద్యోగులు సొంతంగా సినిమాకెళ్తే మాత్రం ఉద్యోగంతో ఉన్న లంకె తెగిపోవచ్చు.

ఘటన జరిగిన 3 నెలల్లోగా అంతర్గత కమిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. సరైన కారణముంటే కమిటీ మరో 3 నెలల వరకు గడువు పెంచవచ్చు.